సిరిమాను సరే, అది ఏ ఊరి సిరిమాను?

క్యాలెండర్ ప్రూఫ్ వెళ్లిన రోజు సాయంత్రం ఏడింటికి ఫోన్ మోగింది, ఎత్తితే మాట్లాడింది ప్రింటింగ్ ప్రెస్ ఆయన కాదు, వాళ్ల మావగారు. డెబ్బై దాటిన మనిషి, పుట్టి పెరిగిందంతా విజయనగరంలోనే. "బాబూ, అక్టోబర్ పేజీలో మా అమ్మవారి సిరిమాను అని రాసేవు కదా, కోట ఏదీ మరి? పోనీ కోట వదిలేయ్, మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర గడ్డికుప్పలు ఎప్పుడు పెట్టేరు నాయినా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు చెవులు వేడెక్కిపోయాయి, ఎందుకంటే ఆ క్యాప్షన్ రాసింది నేను, అది కూడా రెండు నిమిషాల్లో రాసేశాను.

నేను వైజాగ్‌లో పాత ఫోటో స్టూడియోల నెగెటివ్‌లు స్కాన్ చేసి, ఏ ఫోటో ఎక్కడిది, ఎప్పటిది అని గుర్తుపట్టి రాసిపెట్టే పని చేస్తాను. వన్‌టౌన్‌లో ఒక స్టూడియో మూసేశాక వాళ్లబ్బాయి మూడు ట్రంకు పెట్టెలు ఆటోలో తెచ్చి దింపాడు. నెగెటివ్‌లన్నీ ఆరేసి ఫ్రేముల స్ట్రిప్‌లుగా కట్ చేసి కాగితం కవర్లలో పెట్టి ఉన్నాయి, కవర్ మీద పెన్సిల్‌తో ఒకటో రెండో మాటలు, "పెళ్లి, గాజువాక", "బీచ్", "జాతర" ఇలా. మన ఫోటో కవర్ మీద ఉన్నది ఒకే మాట: సిరిమాను. ఊరు లేదు, తేదీ లేదు. నెగెటివ్ కాబట్టి మొబైల్ ఫోటోలో లాగా లోపల టైమ్, లొకేషన్ దాక్కుని ఉండవు, ఉన్నదంతా బొమ్మలోనే.

ముందు ఫోటోలో ఏముందో చెప్తాను. ఎడం నుంచి కుడికి ఏటవాలుగా లేచిన పెద్ద మాను, దాని చివర కూర్చున్న మనిషి, పసుపు బట్టలు, మెడనిండా దండలు. కింద జనం, వందల తలలు, మాను మొదలు వైపు బండి సగమే కనిపిస్తోంది. కుడి వైపు చివర రెండు పెంకుటిళ్లు, ఒక గడ్డికుప్ప, వెనక మసగ్గా కొండ. ముందు వరసలో ముగ్గురు ఆడవాళ్ల తలల మీద పసుపు రాసిన కుండలు, వేపమండలు. ఒక మూల తప్పెటగుళ్లు వాళ్లు, గుండెల మీద గుండ్రటి రేకు వాయిద్యం, నడుముకి మువ్వలు. గాల్లో అయిదు చిన్న మచ్చలు.

ఆ మచ్చల్ని చూసే నేను పడ్డాను. విజయనగరంలో సిరిమాను వెళ్తుంటే జనం అరటిపళ్లు విసురుతారని ఈ పక్క అందరికీ తెలుసు, మచ్చలు చూడగానే "ఇదిగో అరటిపళ్లు, ఇంకేముంది" అనుకుని ఊరు పేరు రాసేశా. మావగారి ఫోన్ తర్వాత నెగెటివ్ తీసి బ్లోయర్ కొట్టి, మెత్తటి బ్రష్‌తో తుడిచి మళ్లీ స్కాన్ చేస్తే అయిదింటిలో మూడు మచ్చలు మాయం. దుమ్ము! మిగిలిన రెండూ నిజంగానే ఏవో గాల్లో ఉన్నాయి, అరటిపళ్లే అయ్యుండొచ్చు, కానీ అరటిపండు విసిరే మొక్కు విజయనగరం ఒక్క ఊరి సొత్తు కాదుగా. ఈ పనిలో ఉన్నవాళ్లకి ఒక్క మాట, గాల్లో పూలు, పళ్లు, పక్షులు, కాగితం ముక్కలు కనిపిస్తే దాని మీద ఏదైనా నిర్ణయం తీసుకునే ముందు రెండోసారి స్కాన్ చేయండి. దుమ్ము తుడిస్తే పోతుంది, లేదా కాస్త జరుగుతుంది, ఫోటోలో ఉన్నది మాత్రం అక్కడే ఉంటుంది.

సరే, మళ్లీ మొదలెట్టాను. ఈసారి నేను పెట్టుకున్న పద్ధతి ఏంటంటే ఫోటోలో కనిపించే ప్రతి వస్తువునీ "ఇది ఇక్కడికి ఎలా వచ్చింది, ఎవరు తెచ్చారు, మళ్లీ ఎక్కడికైనా వెళ్లగలదా" అని అడగడం. పండగ ఫోటోల్లో మనల్ని ముంచేది ఇదే, కంటికి ముందు కొట్టొచ్చినట్టు కనిపించేవన్నీ కదిలే వస్తువులే. అమ్మవారితో వచ్చేవి కొన్ని, డబ్బులిచ్చి అద్దెకి తెచ్చేవి కొన్ని, మనుషులు ఒంటి మీద వేసుకొచ్చేవి కొన్ని. కదలనివి మాత్రం ఎప్పుడూ ఫోటో అంచున, మసగ్గా, ఎవరూ చూడని చోట ఉంటాయి.

అద్దె సామాను సంగతి ముందు తేల్చేస్తా, దాంతో ఎక్కువ పని లేదు. షామియానా రంగు, సీరియల్ లైట్ల బొమ్మలు, ప్లాస్టిక్ తోరణాలు, వీటిని పట్టుకుని ఊరు చెప్పడం దండగ. లైటింగ్ వాడి దగ్గర ఉన్న అమ్మవారి బోర్డు ఈ వారం ఒక జాతరలో వెలిగి వచ్చే వారం ఇంకో ఊరి పెళ్లిలో వెలుగుతుంది. మన ఫోటోలో ఎర్రా తెలుపు చారల గుడ్డ ఒకటి ఉంది, దాన్ని జాబితాలోంచి కొట్టేశాను.

తర్వాత కుండలు. ఈ ఫోటో హైదరాబాద్‌లో ఉన్న ఒక ఫ్రెండ్‌కి పంపితే "ఇది బోనాలు కదరా" అన్నాడు, వాడి తప్పేం లేదు, పసుపు, వేపాకు, తల మీద కుండ కనిపిస్తే అక్కడివాళ్లకి ముందు తోచేది అదే. కానీ ఈ పక్క అమ్మవారి పండగల్లో ఆడవాళ్లు ఘటాలు ఎత్తుకుంటారు, సిరిమానుకి ముందురోజు జరిగే తొలేళ్ల నాడు మరీను. బోనం అయితే కుండ పైన మూత మీద దీపం వెలుగుతూ ఉండటం మామూలు, దాని చుట్టూ పోతరాజు, కొరడా లాంటివి కనిపిస్తాయి. మన మూడు కుండల మీదా దీపం లేదు, ఫోటో పెద్దది చేసి చూసినా వత్తి గానీ ప్రమిద గానీ కనిపించలేదు. అయితే దీపం ఆరిపోయి ఉండొచ్చు, మోసేవాళ్లు తీసేసి ఉండొచ్చు, కాబట్టి దీపం లేనంత మాత్రాన బోనం కాదు అనలేను. అది తేల్చింది కుండ కాదు, దాని వెనక ఉన్న మాను. సిరిమాను, తప్పెటగుళ్లు రెండూ ఒకే ఫ్రేములో ఉన్నాయంటే మనం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పక్కనే ఉన్నామని గట్టిగా అనొచ్చు. తప్పెటగుళ్లు బృందాలు ప్రోగ్రాములకి వేరే ఊళ్లు వెళ్తాయి నిజమే, బీచ్ రోడ్డు మీద ఉత్సవాల్లో మనం చూడలేదా, కానీ సిరిమానుని స్టేజీ ప్రోగ్రాముకి ఎవరూ మోసుకెళ్లరు కదా.

ప్రెస్‌లో డిజైన్ చేసే కుర్రాడు ఇంకోటి అడిగాడు, "అన్నా, బెంగాల్లో కూడా మనిషిని కర్రకి వేలాడదీసి తిప్పుతారంట కదా, చడక్ అంట, అది కాదా?" మంచి ప్రశ్నే. అక్కడ నిలువుగా పాతిన స్తంభం చుట్టూ అడ్డకర్ర తిరుగుతుంది, మనిషి దానికి వేలాడుతూ ఉంటాడు. ఇక్కడ బండి మీద ఇరుసుమానుకి బిగించిన సిరిమాను ఏటవాలుగా పైకి లేచి ఉంటుంది, బండి రోడ్డు మీద కదులుతుంది, పూజారి చివర ఆసనం మీద కూర్చుని ఉంటారు, వేలాడరు. మన ఫోటోలో మనిషి మోకాళ్లు వంగి పాదాలు ఒక పలక మీద ఆనుకుని ఉన్నాయి. అంతే, చడక్ కాదు.

ఇంతవరకూ వచ్చింది: ఉత్తరాంధ్ర, సిరిమాను పండగ. ఇక్కడే నేను మొదటిసారి ఆగకుండా విజయనగరం అనేశా. సిరిమాను అంటే పైడితల్లి అమ్మవారిదే అని మనకి నాలుక మీద ఉంటుంది, పేరున్న పండగ అది, దసరా తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది, 2023లో అక్టోబర్ 31, 2024లో అక్టోబర్ 15, 2025లో అక్టోబర్ 7. కానీ సిరిమాను ఎత్తే ఊళ్లు ఇంకా ఉన్నాయి. మక్కువ మండలం శంబరలో పోలమాంబ అమ్మవారికి సంక్రాంతి వెళ్లాక జనవరిలో సిరిమాను కడతారు, అదీ మంగళవారమే, ముందురోజు తొలేళ్లు, మర్నాడు అమ్మవారిని సాగనంపే అనుపు. చిన్న ఊళ్లలో జరిగేవి వేరే. అంటే వస్తువు ఒకటే, వారం ఒకటే, కుండలూ పసుపు బట్టలూ ఒకటే. పండగ అలంకరణ చూసి వీటిని విడదీయాలంటే కష్టం, కావాలంటే ప్రయత్నించి చూడండి.

విజయనగరంలో మాత్రమే ఉండేవి ఏంటని ఒక కాగితం మీద రాసుకున్నాను. అక్కడ సిరిమానుతో పాటు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల వస్తాయి. సిరిమాను అమ్మవారి గుడి, అంటే చదురుగుడి దగ్గర నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది, గజపతుల కుటుంబం కోట బురుజు మీంచి చూస్తుంది. మన ఫోటోలో ఏనుగు లేదు, వల లేదు. "చూశావా, లేదు, కాబట్టి విజయనగరం కాదు" అని ఎగిరి గంతేయబోయి ఆగాను. అవన్నీ సిరిమానుకి ముందు నడుస్తాయి. మన ఫోటోగ్రాఫర్ మాను మొదలు వైపు, పక్క నుంచి కాస్త వెనక్కి నిలబడి తీశాడు, ముందు ఏముందో ఫ్రేములో పడే అవకాశమే లేదు. ఒక వస్తువు ఫోటోలో లేదు అనేది సాక్ష్యం కావాలంటే, అది ఉంటే గింటే ఉండాల్సిన చోటు ఫోటోలో కనిపిస్తూ ఉండాలి. ఈ ఒక్క విషయంలో నేను చూసిన తప్పులు చాలానే, నావి కూడా కలుపుకుని.

అందుకే మావగారు పట్టుకున్న గడ్డికుప్ప దగ్గరికి వచ్చాను. ఆయన ఫోటోల పని చేసే మనిషి కాదు గానీ కదలని వస్తువుని పట్టుకున్నారు. విజయనగరంలో సిరిమాను తిరిగేది బజారు మధ్యలో, రెండు పక్కలా మేడలు, మేడల మీద జనం. ఆ దారిలో వరిగడ్డి కుప్ప ఉండదు. ఇది ఊరి గురించి చెప్పింది. దానికి మించి కాలం గురించి కూడా చెప్పింది, దీని మీదే నేను ఒక పూట కూర్చున్నాను.

మన పక్క ఖరీఫ్ వరి అక్టోబర్‌లో ఇంకా చేలోనే నిలబడి ఉంటుంది, కోతలూ కుప్పలూ నూర్పులూ నవంబర్, డిసెంబర్‌లో. కొత్త గడ్డి కుప్ప నిండుగా ఉంటే అది డిసెంబర్ తర్వాత అన్నమాట. మరి పాత ఏడాది కుప్ప మిగిలి ఉంటే? అది కూడా చూడాలి. పాత కుప్ప వానలు తిని పైన నల్లబడి బూడిదరంగుకి తిరుగుతుంది, పశువులకి రోజూ లాగి వేస్తారు కాబట్టి ఒక పక్క కోసేసినట్టు లోపలికి తిని ఉంటుంది, అక్టోబర్‌కి ఉంటే ఏ పావు వంతో మిగులుతుంది. ఫోటోలో కుప్ప చుట్టూ సమంగా, పైన కుదురుగా ఉంది, ఎక్కడా లాగిన గుర్తు లేదు. రంగు పసుపు. ఇక్కడ మళ్లీ ఒక చిక్కు, పాత కలర్ నెగెటివ్ రంగు తప్పుతుంది, మా స్కాన్‌లో మొదట అన్నీ పసుపు పచ్చగానే వచ్చాయి, మనుషుల మొహాలు కూడా కామెర్లు వచ్చినట్టు. జనంలో ఒక పెద్దాయన తెల్ల పంచె ఎండలో ఉంది, దాన్ని తెలుపు అనుకుని మిగతా రంగులు సరిచేశా, చేశాక కూడా కుప్ప పసుపుగానే నిలిచింది, పక్కన పెంకులు ఎర్రగా వచ్చాయి. అప్పుడు నమ్మాను. రంగు మీద కాలం చెప్పేటప్పుడు ఇలా ఏదో ఒక తెల్లటి గుడ్డ దొరికే దాకా నోరు మూసుకోవడం మంచిది.

ఇక బట్టలు. నిజం చెప్పాలంటే నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే, ఎక్కువ దెబ్బతిన్నదీ ఇక్కడే. జనం బట్టలు చూసి "చలికాలం" అని చెప్పాలంటే స్వెట్టర్లు వెతుకుతాం. ఫోటోలో పెద్దవాళ్లెవరి ఒంటి మీదా స్వెట్టర్ లేదు. అయితే సిరిమాను కదిలేది మధ్యాహ్నం తర్వాత, జనవరిలో కూడా ఆ టైముకి మన పక్క ఎండ చురుక్కుమంటుంది, అంత జనంలో స్వెట్టర్ వేసుకుని ఎవరు నిలబడతారు. కాబట్టి ఒంటి మీద కాదు, చేతుల్లో, నడుముల్లో చూడాలి. వెతికితే ఒకడు నడుముకి స్వెట్టర్ చేతులు ముడేసి కట్టుకున్నాడు, ఒకావిడ చంకలో ఉన్న చంటిపిల్లకి మాత్రం చెవులు కప్పే ఉన్ని టోపీ ఉంది, ఇంకొక ముసలాయన భుజం మీద మడతపెట్టిన దుప్పటి. పొద్దున్న చలిలో బయల్దేరి వచ్చిన జనం అన్నమాట, అంటే దూరం నుంచి వచ్చినవాళ్లు, తెల్లారకుండా బండెక్కినవాళ్లు. గొడుగులు ఒక్కటి కూడా లేవు. దసరా రోజుల్లో మన తీరంలో వానకి నమ్మకం లేదు కాబట్టి అంత జనంలో నాలుగైదు గొడుగులైనా కనిపిస్తాయి, అయితే ఆ రోజు మబ్బు లేకపోతే అప్పుడూ ఉండవు, కాబట్టి దీనికి సగం మార్కులే వేశాను.

బట్టల్లో నన్ను ఊరించినది ఇంకోటి ఉంది. ముందు వరసలో ముగ్గురు పిల్లలు, అన్నదమ్ములో ఏమో, ఒకే తానులోంచి కుట్టించిన ఎర్రచారల చొక్కాలు, ఒకడి చొక్కా మీద మడత గీతలు కూడా ఇంకా పోలేదు. కొత్త బట్టలు! సంక్రాంతి! అని రాసేసుకున్నా. మా ఆవిడ వెనక నుంచి చూసి "దసరాకి కొనరా ఏటి?" అంది. కొట్టేశాను.

జనంలో కొండప్రాంతం ఆడవాళ్లు కూడా నలుగురైదుగురు ఉన్నారు, చీర కట్టు పొట్టిగా మడమల పైకి, భుజం దగ్గర ముడి, ముక్కుకి రెండు పక్కలా పుడకలు. శంబర జాతరకి ఒడిశా వైపు నుంచి, కొండల మీద ఊళ్ల నుంచి జనం దిగుతారు, అది నిజం. కానీ విజయనగరం పండగకీ వస్తారు, వైజాగ్ పూర్ణా మార్కెట్‌లో కూడా కనిపిస్తారు. బట్టలు మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో చెప్తాయి, ఎక్కడ నిలబడ్డాడో చెప్పవు. దీనికి మన వైజాగే పెద్ద ఉదాహరణ, ఇక్కడ బెంగాలీ వాళ్లు దుర్గాపూజ చేస్తారు, ఎర్ర అంచు తెల్ల చీరలు, ధాక్ డప్పులు, విగ్రహం తీరు, అంతా అచ్చం కలకత్తా. ఆ పందిరి లోపల తీసిన ఫోటో చూపించి ఏ ఊరో చెప్పమంటే వందకి తొంభై మంది కలకత్తా అంటారు, పందిరి బయటికి వచ్చి తీస్తే ఆటో మీద తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. రథయాత్ర కూడా అంతే. పూరీలో మూడు రథాలు, జగన్నాథుడిది ఎరుపు పసుపు గుడ్డ, పదహారు చక్రాలు, బలభద్రుడిది ఎరుపు ఆకుపచ్చ, పద్నాలుగు, సుభద్రది ఎరుపు నలుపు, పన్నెండు. బయటి ఊళ్లలో తీసే రథయాత్రల్లో ముగ్గుర్నీ ఒకే రథం మీద ఊరేగించడం ఎక్కువ, అలాంటి ఫోటో ఎవరైనా "పూరీ" అని పంపితే ముందు చక్రాలు లెక్కపెట్టండి.

మళ్లీ మన కథలోకి. ఇంతవరకూ ఒక్క ఫ్రేమునే పీకుతున్నాను, అదే స్ట్రిప్‌లో ఇంకా అయిదు ఉన్నాయని నాకు రెండో రోజు గానీ బుర్రకి తట్టలేదు. ఫిలిం అంచున నంబర్లు ఉంటాయి, మన ఫోటో ఇరవై రెండు. పందొమ్మిదిలో ఒక పిల్లాడు ఇంటి గోడ పక్కన నిలబడ్డాడు, గోడకి పిడకలు కొట్టి ఉన్నాయి. పిడకలు ఏడాదంతా ఉంటాయి కదా, అందులో వింతేముంది అనుకుని దాటేయబోయా. లైట్ టేబుల్ మీద లూప్ పెట్టి చూస్తే ఆ పిడకల్లో పూలరేకలు అంటుకుని ఉన్నాయి, ఎండి ముడుచుకుపోయిన బంతి రేకలు, ఒక దాంట్లో గుమ్మడిపూవు లాంటిది మొత్తంగా. గొబ్బెమ్మలు! ధనుర్మాసంలో ముగ్గులో పెట్టిన గొబ్బెమ్మల్ని తర్వాత పిడకలు చేసి ఎండబెట్టి రథసప్తమి దాకా ఉంచుతారు, ఆ రోజు వాటి మంట మీద పాలు పొంగించి పరమాన్నం వండుతారు. మా నాయనమ్మ పెరట్లో నేనే వాటిని తిప్పి ఎండబెట్టేవాణ్ణి. అంటే ఈ ఫోటో సంక్రాంతి చుట్టుపక్కల, రథసప్తమి లోపు. అక్టోబర్ అయ్యే ప్రశ్నే లేదు.

అయితే ఒకే స్ట్రిప్ అంటే ఒకే రోజు అని కాదు, ఆ రోజుల్లో ఫిలిం ఖరీదు, ముప్పై ఆరు ఫ్రేముల రోల్‌ని రెండు మూడు నెలలు వాడినవాళ్లు ఉన్నారు. పందొమ్మిదికీ ఇరవై రెండుకీ మధ్య నెల తేడా ఉండొచ్చు. దీనికి సమాధానం ఆ పిల్లాడి చొక్కాలో దొరికింది, ఎర్రచారల చొక్కా, ఎడం జేబు మీద ఒక మరక. సిరిమాను ఫోటోలో ముందు వరసలో ఉన్న ముగ్గురిలో మధ్యవాడి జేబు మీదా అదే మరక. నేను కొట్టేసిన చొక్కా ఇలా వేరే పనికి వచ్చింది, పండగ ఏదో చెప్పలేకపోయింది గానీ రెండు ఫ్రేముల్నీ ఒకే రోజుకి కట్టింది.

ఇరవయ్యో ఫ్రేములో బస్సు ఉంది. ఎర్ర ఆర్టీసీ బస్సు, ముందు అద్దం లోపల పెట్టిన బోర్డు, దాని సగం మీద ఎవరిదో తువ్వాలు ఆరేసి ఉంది. కనిపించే అక్షరాలు పైన "సాలూ", కింద "ంబర". డిజైన్ కుర్రాడు "డిసెంబర్ కూడా ఉండొచ్చు కదన్నా" అని ఏడిపించాడు. బస్సు బోర్డు మీద నెలలు రాయరు కాబట్టి సాలూరు, శంబర అని చదివాను. కానీ బస్సు కూడా కదిలే వస్తువే, బోర్డు చూసి ఊరు చెప్పడం అంటే సాలూరు నుంచి శంబర దాకా దారిలో ఎక్కడైనా అయ్యుండొచ్చు అని మాత్రమే. బస్సు ముందు జనం పసుపు బట్టలతో ఘటాలు దించి కూర్చుని ఉన్నారు, బస్సు నీడలో భోజనాలు చేస్తున్నారు, కాబట్టి ఇది ఆఖరి స్టాపే అని నా అంచనా, అంచనా అనే రాసుకున్నా.

చివరి పని మనుషులకి చూపించడం. ఇక్కడ చాలామంది చేసే తప్పు, "ఇది శంబర జాతరే కదా తాతా?" అని అడగడం, తాత "ఔను బాబూ" అంటాడు, ఎవరైనా అంటారు. నేను ఆరు ప్రింట్లు వేశాను, మనది ఒకటి, వేరే జాతరల ఫోటోలు అయిదు, వెనక నంబర్లు తప్ప ఏమీ లేవు. బస్సు ఫ్రేము అందులో పెట్టలేదు. సాలూరులో ఉన్న ఒక పరిచయస్తుడి చేతికి ఇచ్చి ఇద్దరు పెద్దవాళ్లకి విడివిడిగా చూపించమన్నాను, అతనికి కూడా మనకి కావాల్సింది ఏదో చెప్పలేదు. మొదటాయన తప్పెట వాయించి మానేసిన మనిషి, ఒక్కో ప్రింటు పక్కన పెట్టుకుంటూ మనది రాగానే "ఇది శంబర, ఆ గుంట్లు వేసిన గుళ్ల మేళం పక్కూరిది" అన్నాడట. రెండో ఆవిడ "సిరిమానే గానీ ఊరు సెప్పలేనమ్మా" అంది. రెండూ రాసుకున్నాను. ఆవిడ మాటని వదిలేస్తే ఒకటికి ఒకటి సాక్ష్యం వచ్చినట్టు కనిపిస్తుంది, అది అబద్ధం.

వెనక కొండ గురించి అడుగుతారేమో, దాన్ని నేను వాడలేదు. మసగ్గా ఉంది, పైగా విజయనగరం చుట్టూ కూడా కొండలున్నాయి.

సంవత్సరం మాత్రం ముడి విడలేదు. ఫిలిం అంచు మీద "KODAK GOLD" అని ఉంది, ఆ పేరుతో ఫిలిం వచ్చింది 1980ల్లో, కాబట్టి అంతకంటే పాతది కాదు. స్టూడియో వాళ్లబ్బాయి లెక్క ప్రకారం 2000 దాటిన కొన్నేళ్లకి షాపులో రోల్స్ వాడటం మానేశారు. ఈ మధ్యలో ఎప్పుడైనా. చీరల ప్రింట్లు చూసి ఇంకా దగ్గరికి తేవొచ్చు అని ఒకరన్నారు గానీ జాతరకి అమ్మ చీర కట్టుకొచ్చేవాళ్లు ఉంటారు, పాత చీరకీ పాత ఫోటోకీ తేడా ఎలా తెలుస్తుంది, ఆ దారిలో వెళ్లలేదు.

కొత్త క్యాప్షన్ ఇలా రాసిచ్చాను: "పోలమాంబ అమ్మవారి జాతర, సిరిమాను. శంబర, మక్కువ మండలం, అప్పటి విజయనగరం జిల్లా, ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లా. సంక్రాంతి తర్వాత. 1980ల చివరికీ 2000ల మొదటికీ మధ్య." నా షీట్లో మాత్రం పక్కన మూడు గడులు ఎక్కువ ఉన్నాయి: పండగ, ఖాయం. కాలం, ఖాయం, ఆధారం గొబ్బి పిడకలు, గడ్డికుప్ప. ఊరు, గట్టిగా అనొచ్చు, ఆధారం బస్సు బోర్డు, ఒకరి గుర్తింపు, ఇంకొకరు చెప్పలేకపోయారు. ఫోటోని జనవరి పేజీకి మార్చారు.

దాంతో అక్టోబర్ పేజీ ఖాళీ. అదే ట్రంకులో "కోట" అని రాసి ఉన్న కవర్ ఒకటి ఉంటే, ఏవో బిల్డింగుల ఫోటోలు అనుకుని ఇన్నాళ్లూ తెరవలేదు, తీస్తే అందులో దొరికింది. మేడల మీద, పిట్టగోడల మీద జనం, ఎడం వైపు కోట గోడ, బురుజు, కింద రోడ్డు మీద మనుషులు మోస్తున్న వల తోక ఒక మూర, కుడి అంచున తెల్ల ఏనుగు తొండం చివర. సిరిమాను ఇంకా రాలేదు, అందరూ ఒకే వైపు తలతిప్పి చూస్తున్నారు. విజయనగరం అనడానికి ఇంతకంటే ఏం కావాలి, మావగారికి వాట్సాప్‌లో పంపితే "ఇదీ మా ఊరు" అని ఒక్క మాట రాశారు. ప్రెస్ ఆయన మాత్రం ఒప్పుకోలేదు. "సిరిమానే లేకుండా సిరిమాను పండగ ఫోటో ఏటండీ" అని ఆ పేజీలో ఆర్కే బీచ్ వేసుకున్నాడు.